మధ్యలో ఖాళీ వరుస వస్తే లెక్క తప్పుతోందా?

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. ఖర్చులన్నీ ఎక్సెల్‌లో రాస్తున్నాను. వారానికీ వారానికీ మధ్య ఒక వరుస ఖాళీగా వదులుతాను. ఆ ఖాళీ తర్వాత రన్నింగ్ టోటల్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. శాతం కాలమ్‌లో #DIV/0! వస్తోంది. చేతిలో ఇంకా ఎంత ఉందో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలండీ?

జవాబు: మీరు పై వరుస టోటల్‌కు ఈ వరుస ఖర్చు కలుపుతూ వస్తున్నట్టున్నారు, అంటే =D4+C5 లాగా. D4 ఖాళీ అయితే ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. అంతకుముందు కూడిందంతా అక్కడితో తెగిపోతుంది.

ఒక చిన్న లెక్కతో చూద్దాం. C2లో ఇటుక 60,000, C3లో సిమెంట్ 45,000, C4 ఖాళీ, C5లో స్టీలు 1,20,000, C6లో మేస్త్రీ కూలి 75,000 అనుకోండి. నిజంగా ఖర్చయింది 3,00,000. మీ పద్ధతిలో చివరి వరుసలో కనిపించేది 1,95,000 మాత్రమే. ఆ అంకె నమ్మి తర్వాతి సరుకు ఆర్డర్ ఇస్తే, మీ దగ్గర లేని 1,05,000 ఉన్నట్టే లెక్క వేసుకుంటారు. #DIV/0! కనీసం కంటికి కనబడుతుంది. ఈ తప్పు కనబడదు, నాకు దీని గురించే ఎక్కువ భయం.

అందుకే పై సెల్ మీద ఆధారపడకుండా, ప్రతి వరుసలోనూ మొదటి ఖర్చు నుంచి కూడమని చెప్పండి. D2లో ఇది:

```
=IF(ISNUMBER(C2),SUM(C$2:C2),"")
```

E2లో శాతానికి ఇది:

```
=IF(ISNUMBER(C2),C2/SUM(C$2:C$500),"")
```

డాలర్ గుర్తు పెట్టిన అంకె కిందికి కాపీ చేసినా కదలదు. మీకు #DIV/0! రావడానికి కారణం బహుశా అది లేకపోవడమే. కింది వరుసలకు వెళ్లేకొద్దీ భాగించే సెల్ కూడా కిందికి జారి ఖాళీ సెల్ మీద పడుతుంది. E కాలమ్‌కు % ఫార్మాట్ పెట్టండి.

కాపీ చేసేటప్పుడు సెల్ మూల మీద డబుల్ క్లిక్ చేయకండి, పక్క కాలమ్‌లో ఖాళీ తగిలిన చోటే ఆగిపోవచ్చు. ఎడమవైపు పైన సెల్ పేరు కనిపించే పెట్టెలో D2:E500 అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, తర్వాత Ctrl+D నొక్కండి. ఇప్పుడు మన ఉదాహరణలో D కాలమ్ 60,000, 1,05,000, ఖాళీ, 2,25,000, 3,00,000 అని చూపిస్తుంది. శాతాలు 20, 15, ఖాళీ, 40, 25.

మర్చిపోయిన బిల్లు కోసం మధ్యలో కొత్త వరుస చేర్చినా కింది టోటళ్లు దాన్ని కలుపుకుంటాయి. పాత పద్ధతిలో కింది వరుస ఆ బిల్లును దాటేసి, పాత టోటల్‌నే పట్టుకుని ఉండేది. కొత్త వరుసలోకి మాత్రం D, E ఫార్ములాలు పై నుంచి కాపీ చేసుకోండి.

కొందరు C2="" అని పరీక్ష పెడతారు. నేను ISNUMBER ఎందుకు పెట్టానంటే, స్పేస్ బార్ తగిలిన సెల్ కంటికి ఖాళీగా ఉన్నా ఎక్సెల్‌కు ఖాళీ కాదు. "45,000/-" అని రాస్తే అది అంకె కాదు, అక్షరాలు. SUM దాన్ని వదిలేస్తుంది. ఈ ఫార్ములాతో అలాంటి చోట ఖర్చు రాసి ఉన్నా పక్కన టోటల్ ఖాళీగా ఉంటుంది, వెంటనే పట్టుకోవచ్చు. G కాలమ్‌లో ఏదైనా ఒక ఖాళీ సెల్‌లో ఇది కూడా పెట్టుకోండి. సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా, C కాలమ్‌లో ఎక్కడో అంకె కానిది ఏదో ఉందని అర్థం:

```
=COUNTA(C2:C500)-COUNT(C2:C500)
```

వారం మొత్తాలను ఆ ఖాళీ వరుసల్లో, C కాలమ్‌లోనే రాసే అలవాటుంటే మానేయండి. అవి కూడా ఖర్చులుగా కలిసిపోయి ప్రతి రూపాయీ రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇటుక 20 శాతం బదులు 10 అని కనిపిస్తుంది. వారం మొత్తం కావాలంటే వేరే కాలమ్‌లో రాసుకోండి.

ఇక డబ్బు సంగతి. E కాలమ్ చెప్పేది ఇప్పటిదాకా అయిన ఖర్చులో వాటా. కొత్త బిల్లు పడ్డప్పుడల్లా పాత శాతాలు తగ్గుతూనే ఉంటాయి, కాబట్టి స్టీలు బడ్జెట్ దాటిందో లేదో దానితో తేలదు. ఇంజినీర్ ఇచ్చిన ఎస్టిమేట్‌ను H1లో రాసి, F2లో ఇది పెట్టి F500 దాకా కాపీ చేయండి, F కాలమ్‌కు కూడా ఒక దశాంశ స్థానంతో % ఫార్మాట్ పెట్టండి:

```
=IF(ISNUMBER(D2),D2/$H$1,"")
```

ఎస్టిమేట్ 24,00,000 అయితే మన ఉదాహరణలో చివరి వరుస 12.5 శాతం చూపిస్తుంది. బ్యాంకు లోన్ పని దశలను బట్టి విడుదలవుతుంది కాబట్టి, ఈ శాతాన్ని పని ఎంతవరకు వచ్చిందో దానితో పోల్చి చూడండి. పునాది దగ్గరే 30 దాటితే, స్లాబ్ మొదలుపెట్టకముందే ఇంజినీర్‌తో కూర్చుని ఎస్టిమేట్ తిరిగి వేయించండి.