బీమా సంస్థ తక్కువ ఇస్తానంటే ఏమని రాయాలి?

"వరదలో మా 1200 సీసీ కారు మునిగింది. మరమ్మతుకు 4,10,000 అవుతుందని సర్వేయర్ తేల్చారు. పాలసీలో ఐడీవీ, అంటే కారుకు ప్రకటించిన బీమా విలువ, 4,80,000. తరుగుదల తీసేసి 4,05,000 ఇస్తామంటున్నారు. మర్యాదగా ఎలా కాదనాలి?"

మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే 3,60,000 దాటింది కాబట్టి ఇది పూర్తి నష్టం కిందికి వస్తుంది. అలాంటప్పుడు పాలసీ కాలమంతా ఐడీవీనే మార్కెట్ విలువగా లెక్కించాలని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. తరుగుదల ఐడీవీ నిర్ణయించినప్పుడే పోయింది. రెండోసారి కోయడం కుదరదు. మీ కారుకు తప్పనిసరి మినహాయింపు, అంటే మీరే భరించాల్సిన మొత్తం, 1,000 మాత్రమే. స్వచ్ఛంద మినహాయింపు ఎంచుకున్నారేమో పాలసీలో చూసుకోండి.

ఈమెయిల్ ఇలా రాయండి:

"మీ ప్రతిపాదనకు ధన్యవాదాలు. 4,05,000కు అంగీకరించలేకపోతున్నాను. సర్వేయర్ అంచనా ప్రకారం ఇది పూర్తి నష్టం. పాలసీ షరతు ప్రకారం ఐడీవీపై మళ్లీ తరుగుదల వర్తించదు. 1,000 మినహాయించి 4,79,000 చెల్లించగలరు. వాహనాన్ని మీకు అప్పగిస్తాను. తగ్గింపునకు వేరే ఆధారం ఉంటే ఆ షరతును, సర్వే నివేదిక ప్రతిని పంపగలరు."

కోపం వచ్చినా ఇంతకు మించి ఒక్క వాక్యం వద్దు.

ముందుగా వాళ్లను అడగాల్సింది ఒకటే: 4,05,000లో పాడైన కారు మీ దగ్గరే ఉంటుందా? ఉంటే దాని అమ్మకపు విలువ తగ్గించడం న్యాయమే, లెక్క మారుతుంది. "పూర్తి, తుది పరిష్కారం" అని ఉన్న డిశ్చార్జి వోచరుపై మాత్రం ఇప్పుడే సంతకం చేయకండి. సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాసి నెలలోగా జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు.