కటకం లెక్కలో గుర్తు దగ్గర పోయిన మార్కు: పునఃపరిశీలన కోరే ఉత్తరం ఎలా ఉండాలి?

ప్రశ్న: కుంభాకార కటకం నాభ్యంతరం 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది అని లెక్క. నేను u = 30 అని వేసి చేశాను. ప్రతిబింబ దూరం 60 సెం.మీ., ఆవర్ధనం −2 అని సరిగ్గానే వచ్చాయి. అయినా సంజ్ఞా సంప్రదాయం తప్పని ఒక మార్కు తీసేశారు. మళ్లీ చూడమని మా సార్‌కి ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఏమని రాయాలి?

జవాబు: భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఇలాంటి ఉత్తరాలు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావరకు "జవాబు సరిపోయింది కదా, మార్కు ఎందుకు తీశారు" అన్న ఒక్క వాదన మీదే ఆధారపడి ఉంటాయి. కటకాల లెక్కల్లో ఆ వాదనకు బలం లేదు. ఎందుకు లేదో ముందు తెలుసుకుంటే మీ ఉత్తరంలో ఏ వాక్యం ఉండాలో దానంతట అదే తేలుతుంది.

కటకాలకు రెండు సంజ్ఞా సంప్రదాయాలు వాడుకలో ఉన్నాయి. కార్టీజియన్ పద్ధతిలో దూరాలన్నీ దృక్ కేంద్రం నుంచి కొలుస్తాం. పతన కాంతి ప్రయాణించే దిశలో కొలిచినవి ధనాత్మకం, దానికి ఎదురు దిశలో కొలిచినవి రుణాత్మకం. కాబట్టి మీ లెక్కలో u = −30, సూత్రం 1/v − 1/u = 1/f, ఆవర్ధనం m = v/u. రెండో పద్ధతిలో నిజ వస్తువు, నిజ ప్రతిబింబాల దూరాలు ధనాత్మకం, మిథ్యా ప్రతిబింబ దూరం రుణాత్మకం. అక్కడ u = 30, సూత్రం 1/v + 1/u = 1/f, తలకిందులుగా ఉన్నదానికి రుణ గుర్తు రావాలంటే m = −v/u అని రాయాలి. రెండు దారుల్లోనూ 1/v = 1/20 − 1/30 = 1/60 అనే వస్తుంది, v = 60 సెం.మీ. అవుతుంది.

ఇది మీ లెక్కకే పరిమితమైన యాదృచ్ఛికం కాదు. కటకం విషయంలో నిజ ప్రతిబింబం వస్తువుకు అవతలి వైపు, అంటే కాంతి ముందుకు సాగే వైపే ఏర్పడుతుంది కాబట్టి v గుర్తు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. f గుర్తు కూడా అంతే: కుంభాకారానికి ధనాత్మకం, పుటాకారానికి రుణాత్మకం. నిజ వస్తువు ఉన్నప్పుడు మారేది u గుర్తు, దానితో పాటు సూత్రం రూపం మాత్రమే. అందువల్ల v = 60 రావడాన్ని బట్టి విద్యార్థి ఏ పద్ధతి పాటించాడో, అసలు పద్ధతంటూ పాటించాడో లేదో దిద్దేవారికి తెలియదు. (దర్పణాల్లో అయితే v గుర్తే మారిపోతుంది కాబట్టి ఈ తికమక ఇంత దాగి ఉండదు.)

ఇప్పుడు మీ జవాబు పత్రంలో మూడు చోట్ల చూడండి. మొదటిది, మీరు రాసిన సూత్రం. అక్కడ 1/v + 1/u = 1/f అని ఉంటే u = 30 దానికి సరిపోతుంది. అలా కాక 1/v − 1/u = 1/f అని ఉండి, కింద u = 30 వేసి ఉంటే, నిజాయితీగా చేసినప్పుడు 1/v = 1/20 + 1/30 = 1/12, అంటే v = 12 సెం.మీ. రావాలి. నాభికి, దానికి రెట్టింపు దూరానికి మధ్య ఉన్న వస్తువు ప్రతిబింబం 40 సెం.మీ.కి అవతలే ఏర్పడుతుంది కాబట్టి 12 అసాధ్యం. ఆ సూత్రం కింద 60 కనిపించిందంటే, పదాన్ని సమీకరణానికి ఇటువైపు తెచ్చేటప్పుడు ఇంకో గుర్తు తారుమారై మొదటి తప్పును కప్పేసిందన్నమాట. దానికి మార్కు తీయడం న్యాయమే, ఉత్తరం అవసరం లేదు.

రెండో చోటు ఆవర్ధనం. m = −v/u = −60/30 = −2 అని రాసి ఉంటే మీ పని మొదటి నుంచి చివరి వరకు ఒకే పద్ధతిలో నడిచింది. m = v/u అని రాసి, 60/30 వేసి, ప్రతిబింబం తలకిందులని తెలుసు కాబట్టి చివర్లో రుణ గుర్తు తగిలించి ఉంటే మాత్రం మీ సార్ అభ్యంతరం అక్కడ నిలుస్తుంది. నేనైతే దిద్దేటప్పుడు v కంటే ముందు ఈ వరుసే చూస్తాను.

మూడోది ప్రశ్నపత్రం. "కార్టీజియన్ సంజ్ఞా సంప్రదాయం ప్రకారం" అని ప్రశ్నలోనే ఉంటే రెండో పద్ధతి ఎంత శుభ్రంగా చేసినా అడిగింది చేయనట్టే.

ఈ మూడూ మీకు అనుకూలంగా ఉన్నాయనుకుని ఉత్తరం ఇలా రాయవచ్చు:

గౌరవనీయులైన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల వారికి,

నమస్కారములు. మొన్నటి పరీక్షలో కుంభాకార కటకం లెక్కకు నేను రాసిన సమాధానంలో u = 30 సెం.మీ. అన్న వరుస దగ్గర సంజ్ఞా సంప్రదాయం తప్పని ఒక మార్కు తగ్గించారు. ఆ వరుసకు పైన నేను 1/v + 1/u = 1/f అన్న సూత్రం రాశాను. నిజ దూరాలను ధనాత్మకంగా తీసుకునే పద్ధతిలో u, f రెండూ ధనాత్మకమని భావించి, ఆవర్ధనానికి కూడా అదే పద్ధతిలో m = −v/u వాడి −2 పొందాను. ప్రశ్నలో ఫలానా సంప్రదాయమే వాడాలని పేర్కొనలేదు. ఏ పద్ధతి వాడుతున్నానో నేను మాటల్లో రాయలేదు. అందువల్ల గుర్తు పొరపాటుగా కనిపించి ఉండవచ్చు. దయచేసి సూత్రం, u విలువ, ఆవర్ధనం ఉన్న మూడు వరుసలను కలిపి ఒకసారి పరిశీలించగలరని కోరుతున్నాను. తరగతిలో చెప్పిన కార్టీజియన్ పద్ధతికే మార్కులు కేటాయించి ఉంటే ఆ విషయం తెలియజేయగలరు. జవాబు పత్రం ఈ ఉత్తరానికి జతచేశాను.

ఇట్లు,
మీ విధేయ విద్యార్థి

ఇందులో "జవాబు సరైనదే" అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. చూడవలసిన వరుసలు ఏవో చెప్పి, వాటి మధ్య పొంతనను చూపి ఊరుకున్నాం. దిద్దేవారికి కావలసింది అదే, ఎందుకంటే కట్ట కట్టిన పత్రాల్లోంచి మీది తీసి మళ్లీ మొదటి నుంచి చదివే తీరిక ఎవరికీ ఉండదు. పాఠ్యపుస్తకం చివర ఉన్న జవాబును సాక్ష్యంగా తేవద్దు. అది v విలువను చెబుతుందే తప్ప u గుర్తును చెప్పదు. తిరిగి ఇచ్చిన పత్రం మీద పెన్సిల్‌తోనైనా ఏమీ చేర్చవద్దు. ముఖ్యంగా సూత్రంలో ఉన్న కూడిక గుర్తును మళ్లీ దిద్దినట్టు అనిపిస్తే అసలు వాదనే పోతుంది.

మీ సార్ "మనం చెప్పుకున్నది కార్టీజియన్ కదా" అంటే మార్కు తిరిగి రాకపోవచ్చు. మార్కుల కేటాయింపు ప్రకారం ఆ మార్కు u = −30 అన్న వరుసకే పెట్టి ఉంటే ఆయన చేయగలిగింది కూడా తక్కువే. అప్పుడు ఒక్క మాట అడిగి తెలుసుకోండి: లెక్క మొదట్లో ఏ సంప్రదాయం వాడుతున్నామో ఒక వాక్యంలో రాస్తే రెండో పద్ధతికి ఇకముందు పూర్తి మార్కులు ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వమంటే తర్వాతి పరీక్షకు వస్తువును కటకానికి ఎడమవైపు గీసి, కాంతి దిశకు బాణం వేసి, u = −30 అని రాయడమే సులువు.