ప్లేట్‌లెట్లు 245 అని ఉంటే

"అమ్మ జర్మనీలో అక్క దగ్గర చేయించుకున్న రిపోర్టు ఫొటోలో ప్లేట్‌లెట్లు 245 అని ఉంది, లక్షల్లో ఉండాలి కదా?"

టెన్షన్ పడకండి, అది 2.45 లక్షలే. Thrombozyten వరుసలో /nl అని ఉంది చూడండి, అంటే నానోలీటరుకి లెక్క. మన వైజాగ్ ల్యాబుల్లో మైక్రోలీటరుకి వేస్తారు, అది వెయ్యి రెట్లు పెద్దది కాబట్టి 245ని వెయ్యితో గుణించాలి. పక్కనున్న 150–400 ఆ ల్యాబు రేంజి, దాన్నీ అలాగే గుణిస్తే 1.5 నుంచి 4 లక్షలు.

Leukozyten అంటే తెల్లకణాలు. అక్కడ 68 అని కనబడి నేనూ ఉలిక్కిపడ్డాను, జూమ్ చేస్తే 6,8. వాళ్లు చుక్క బదులు కామా పెడతారు, అదేమో కాగితం మడతలో పడింది. అంటే 6,800, రేంజి 4–10 లోపలే.

Hb 11,4 పక్కన మాత్రం మైనస్ గుర్తుంది, రేంజి 12–16. యూనిట్ g/dl, మనదీ అదే, మార్చక్కర్లేదు. కాస్త తక్కువే, డాక్టరుకి చూపించండి, ఫొటో కాదు, అసలు కాగితం.