రక్తపోటు తగ్గింది సరే, ఎప్పుడు కొలిచారు?

"నా వయసు 46. బీపీ 150/94 ఉందని డాక్టరు గారు మాత్ర రాశారు. రోజూ ప్రాణాయామం, ధ్యానం చేస్తే మాత్ర అవసరం లేకుండా తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు."

కొంత తగ్గుతుంది. అయితే మాత్ర చేసే పనిని అది చేస్తుందని నేను నమ్మను. మా అన్నయ్య విషయంలో దగ్గరుండి చూసిన సంగతి చెబుతాను.

ఆయన ఒక యోగా శిబిరానికి వెళ్లారు. రాత్రంతా బస్సులో కూర్చుని, దిగగానే కాఫీ తాగి, వరసలో నిలబడిన మనిషికి చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి కొలిస్తే 164/98 వచ్చింది. చివరి రోజున శవాసనం, దీర్ఘశ్వాస ముగిసీ ముగియగానే కొలిస్తే 136/84 వచ్చింది. ఈ రెండు అంకెలనూ ఒక కార్డు మీద పక్కపక్కన రాసిచ్చి, ఇక మాత్ర సగం చేసుకోవచ్చని చెప్పి పంపారు. ఇలాంటి కార్డులు చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎందుకంటే ప్రయాణపు అలసట, కాఫీ, చొక్కా చేయి పెంచిన అంకెలోంచి, విశ్రాంతి తగ్గించిన అంకెను తీసేసి, మిగిలినదంతా యోగా ఫలితమని చూపిస్తారు.

సగం మాత్ర మీద ఉన్న ఆ రోజుల్లో ఒక ఉదయం, మాత్ర వేసుకోకముందే, అన్నయ్యను కుర్చీలో వీపు ఆనించి అయిదు నిమిషాలు మాటామంతీ లేకుండా కూర్చోబెట్టాను. చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచాను. సగటు 152/92. ఆ తర్వాత నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదులుతూ, అంటే నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున, పది నిమిషాలు చేయించి వెంటనే కొలిస్తే 141/86 చూపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది. టిఫిన్ తిని, పేపరు చదివాక మళ్లీ అదే కుర్చీలో అదే పద్ధతిలో కొలిస్తే 150 దగ్గరికి తిరిగి వచ్చేసింది. ఆ అంకెలన్నీ చూసిన డాక్టరు గారు మాత్రను పూర్తి మోతాదుకు మార్చారు.

శ్వాస వల్ల తగ్గడం భ్రమ కాదు. మెడలోని పెద్ద ధమనుల్లోనూ గుండె దగ్గరి మహాధమనిలోనూ పోటును గమనించే నరాల కొసలు ఉంటాయి. శ్వాస నెమ్మదించినప్పుడు అవి మరింత చురుకుగా స్పందించి, రక్తనాళాలను బిగించే నాడీ సంకేతాలను తగ్గిస్తాయి. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున రెండు నిమిషాలు చేస్తేనే అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సుమారు 150 నుంచి 141కి దిగింది. అయితే అది ఆ నిమిషాల సంగతి. బిరుసెక్కిన ధమనులు, ఉప్పును పట్టి ఉంచే మూత్రపిండాలు మిగిలిన రోజంతా తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి.

దీర్ఘకాలిక ఫలితం గురించి మాట్లాడేవారు 1975లో లండన్‌లో చంద్రా పటేల్ అనే వైద్యురాలు జరిపిన పరీక్షను తలుస్తారు. 34 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు వారాలు యోగ విశ్రాంతి పద్ధతులను, ఒంట్లోని మార్పులను యంత్రం ద్వారా ఎప్పటికప్పుడు తెలిపే బయోఫీడ్‌బ్యాక్‌తో నేర్పితే, వారి సగటు 168/100 నుంచి 141/84కి తగ్గింది. అందరూ ఇక్కడే ఆగిపోతారు. మామూలు విశ్రాంతి మాత్రమే తీసుకున్న రెండో గుంపులోనూ 169/101 కాస్తా 160/96 అయింది. అంటే 27 పాయింట్ల తగ్గుదలలో తొమ్మిది, ఏ సాధనా నేర్వకుండానే వచ్చేది. ఆ తొమ్మిదిని తీసేయని ఏ లెక్కనూ నేను లెక్కగా ఒప్పుకోను.

మిగిలిన 18 కూడా తర్వాతి పరీక్షల్లో నిలవలేదు. సంగీతంతో శ్వాసను నెమ్మదింపజేసే యంత్రాల మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2012లో కలిపి చూస్తే పై అంకె నాలుగు పాయింట్ల లోపు, కింది అంకె రెండున్నర తగ్గాయి. తయారీదారులతో సంబంధమున్న అయిదు పరీక్షలను పక్కన పెట్టగానే స్పష్టమైన ఫలితమేదీ మిగలలేదు. యోగా మీద 2014లో వచ్చిన సమీక్షలోనూ, మామూలు వైద్యంతో పోల్చినప్పుడు తగ్గుదల పెద్దగా కనిపించింది కానీ, ఇతర వ్యాయామంతో పోల్చినప్పుడు తేడా కనిపించలేదు.

అందుకే మీరు మాత్ర మానకుండా సాధన మొదలుపెట్టండి. ఊపిరి బిగపట్టే కుంభకం, తలకిందులుగా చేసే శీర్షాసనం ప్రస్తుతానికి వద్దు, వాటితో పోటు పెరుగుతుంది. ఉదయం మాత్రకు ముందు, సాయంత్రం భోజనానికి ముందు, ప్రతిసారీ సాధనకు ముందే కొలిచి ఒక వారం అంకెలు రాయండి. ఆ సగటు 135/85 కంటే తక్కువగా నిలకడగా ఉంటే, లేదా లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే, ఆ కాగితం డాక్టరు గారికి చూపించండి, మోతాదు తగ్గించాలో లేదో ఆయన నిర్ణయిస్తారు.