కాటా దగ్గర మొదలుపెట్టు

తిరుపతి

చి॥ అమ్మాయికి ఆశీస్సులు.

ఆదివారం ఇక్కడి కథకుల సభలో "నేనెందుకు రాస్తున్నాను" అని ఐదు నిమిషాలు మాట్లాడాలని, మొదలు ఎలా ఉందో చూడమని రాశావు. "అందరికీ నమస్కారం. నా పేరు ఫలానా. మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి క్లర్కుగా పనిచేస్తున్నాను." అన్నీ నిజాలే, కానీ వినేవాళ్లకు వీటితో పనిలేదు. నీ పేరు, ఊరు సభ నడిపే ఆయన మైకులో అప్పటికే చదివేసి ఉంటాడు.

ఉత్తరం చివర్లో మాటవరసకు రాసిన రైతు సంగతే నాకు పట్టింది. దాన్నే ముందుకు తీసుకురా. ఇలా అనుకో:

"మొన్న జూలైలో నేను ఇచ్చిన తూకం చీటీని ఒక రైతు నా ముందే చింపేశాడు. 'ఇది నా కాయల బరువు కాదు పాపా, మళ్లీ వెయ్యి' అన్నాడు. వెనక తోతాపురి ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు దాకా ఉన్నాయి. బండి ఇంకా దించలేదు. మళ్లీ కాటా ఎక్కించాలా వద్దా అన్నది నేనే తేల్చాలి."

ఇంతే, అర నిమిషం. నీ ఉద్యోగమేంటో, ఎక్కడి మనిషివో ఇందులోనే తెలిసిపోయింది. పేరు చెప్పాలనిపిస్తే ఇక్కడ ఒక్క ముక్కలో చెప్పు. కొత్తవాళ్లు ఇలాంటి చోట "ముందుగా మీకో చిన్న సంఘటన చెబుతాను" అంటారు. ఆ మాటతోనే జనం కుర్చీలో వెనక్కి వాలతారు. ఎండ, మామిడి వాసన లాంటి వర్ణనలూ వద్దు. చీటీ చిరిగితే చాలు.

"మళ్లీ వేశావా?" అని వాళ్ల మనసులో పడుతుంది కదా, దానికి జవాబు ఎప్పుడివ్వాలన్నదే అసలు చిక్కు. వెంటనే చెప్పేస్తే తర్వాతి మాటలు ఎవరికీ పట్టవు. చివరిదాకా దాచావో, నువ్వు ఇంకేం చెప్పినా వాళ్ల ధ్యాస ఆ కాటా మీదే ఉంటుంది. మూడో నిమిషంలో చెప్పు. రెండోసారీ అదే బరువు వచ్చిందనీ, అయినా ఆయన నమ్మలేదనీ రాశావు. ఎందుకు నమ్మలేదో అర్థం కాకే కదా నీ మొదటి కథ రాసింది! సభవాళ్లిచ్చిన విషయానికి నీ జవాబు అదే. ఆ ముడి పడకపోతే మాత్రం ఈ సంఘటన ఎంత బాగున్నా తీసెయ్యి, ఉత్త పిట్టకథ అవుతుంది.

ఆయన ఊరు, పేరు చెప్పకు. ఫ్యాక్టరీ పేరూ వద్దు. రేపు మళ్లీ అక్కడే కూర్చోవాల్సినదానివి.

కాగితం మీద చూసి చదవకు. మొదటి రెండు వాక్యాలు మీ అమ్మకు చెప్పి ఆగు. "ఊఁ, తర్వాత?" అంటే కుదిరినట్టే. "బాగుందమ్మా" అని కూర తరగడంలో పడిపోతే మార్చి, శనివారం లోపల నాకు ఫోన్ చేసి వినిపించు.