‘హాయ్ బ్రో’ అని ఎవరితో అన్నాడు?

మద్దిలపాలెం,
విశాఖపట్నం

తమ్ముడూ,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చదివాను. పలాస నుంచి వచ్చి మధురవాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన కుర్రాడు, వాడి హాస్టలు గది, అమ్మ కట్టి పంపిన జీడిపప్పు పొట్లం, అన్నీ బాగున్నాయి. కానీ మొదటి నాలుగు పేజీల్లో వాడు నలుగుర్ని పలకరించాడు. నలుగురితోనూ ‘హాయ్ బ్రో’ అనే అన్నాడు. రూమ్మేటుతో అదే, క్లాసులో అమ్మాయితో అదే, క్యాంటీన్ నడిపే పెద్దాయనతో అదే. ఆఖరికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగిన చిన్ననాటి స్నేహితుడితో కూడా అదే. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఇంగ్లీషు కలిపావని నా కోపం అనుకోకు. బీచ్ రోడ్డు మీద సాయంత్రం అరగంట నిలబడితే ఇంగ్లీషు కలవని పలకరింపు కుర్రాళ్ళ నోట వినపడదు. అది ఉన్నదే, రాయాల్సిందే. నా బాధ వేరు. ‘హాయ్’ తర్వాత వచ్చే తెలుగు ముక్కలోనే వాళ్ళిద్దరికీ ఏమవుతుందో తెలుస్తుంది. నువ్వు ఆ ముక్కను పట్టించుకోలేదు.

అసలు ఈ ‘హాయ్’ మన పిల్లల నోట్లోకి ఎందుకొచ్చిందో ఆలోచించావా? నమస్కారం మనకు బయటివాళ్ళతో, పెద్దవాళ్ళతో అనే మాట. దగ్గరివాళ్ళు కలిస్తే మా అమ్మ తరం ప్రశ్నతోనే పలకరించేది. ‘ఎప్పుడొచ్చావు?’, ‘భోంచేశావా?’ అనేవాళ్ళు. బయల్దేరినవాణ్ణి ‘ఎక్కడికి’ అని అడక్కూడదని ‘ఎందాకా?’ అనేవాళ్ళు. పల్లెలో రోజుకోసారి ఎదురుపడేవాళ్ళకి అది సరిపోయింది. కాలేజీలో ఒకే ముఖం వరండాలో, ల్యాబులో, బస్టాపులో పదిసార్లు కనిపిస్తుంది. పదిసార్లూ ప్రశ్న అడిగి జవాబు కోసం నిలబడలేరు. స్నేహితుడితో ‘నమస్కారం’ అంటే వెక్కిరించినట్టుంటుంది. ‘నమస్కారం రా బాబూ’ అన్నామంటే వాడితో విసిగిపోయామనే అర్థం. జవాబు అక్కర్లేని చిన్న మాట ఒకటి కావలసి వచ్చింది, ‘హాయ్’ ఆ ఖాళీలో కూర్చుంది.

అయితే ‘హాయ్’కి చిన్నా పెద్దా లేదు. ఎవరితోనైనా ఒకటే. తెలుగులో అలా కుదరదు. నువ్వా మీరా తేల్చుకోకుండా ఎదుటివాడి గురించి ఒక్క క్రియ కూడా పలకలేం. అందుకే ఆ మాట వెనక మనవాళ్ళు వెంటనే ఒక తోక తగిలించారు. హాయ్ రా, హాయ్ అండీ, హాయ్ అన్నా, హాయ్ మావా. ముందున్న ఇంగ్లీషు ముక్క మారదు, వెనకదే మారుతుంది. ఏ తోకా లేకుండా వట్టి ‘హాయ్’ అన్నారంటే అవతలివాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. మొదటి రోజు క్లాసులో అందరూ వట్టి ‘హాయ్’లే.

ఇక ‘బ్రో’ సంగతి. అది తోకలా కనిపిస్తుంది కానీ, తేల్చుకోకుండా దాటేసే మాట. అందుకే అంత పాకింది. దాని పక్కనున్న క్రియ చూడు, గుట్టు బయటపడుతుంది. మొన్న మా గేటు దగ్గర భోజనం డెలివరీ ఇచ్చే కుర్రాడు ఫోన్లో ‘బ్రో, లొకేషన్‌కి వచ్చేశాను, ఎక్కడున్నారు?’ అంటున్నాడు. పై వాటాలో అద్దెకుండే అబ్బాయి ‘రెండు నిమిషాలు ఆగండి బ్రో’ అని మెట్లు దిగాడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఇద్దరూ బ్రోలే. అయినా ‘ఉన్నారు’, ‘ఆగండి’ అన్నారు. అది మర్యాద తెలిసిన పరాయితనం. అదే కుర్రాడు కింద తన స్నేహితుడికి ఫోన్ చేసి ‘ఎక్కడున్నావ్ బ్రో’ అన్నాడు. ‘ఎక్కడ చచ్చావ్ రా’ అని ఉంటే ఇంకా దగ్గర. ఈ మూడు మెట్లూ మన భాషలో ఉన్నాయి. నీ కథలో ఒక్కటే మెట్టుంది.

ఇప్పుడు నీ పలాస కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడు ‘హాయ్ బ్రో’ అనడానికి నువ్వు రాయని కారణం ఒకటుంది. మన వైపు పిల్లలు ఇంట్లో ‘ఏటి’ అంటారు. ‘ఏట్రా, ఎప్పుడొచ్చినావు?’ అంటారు. హాస్టల్లో మొదటి వారం ఆ ‘ఏటి’ వినగానే పక్కమంచం వాడు నవ్వుతాడు, సినిమాలో హాస్యగాడు మాట్లాడినట్టు అనుకరిస్తాడు. ఆ నవ్వు పడ్డవాడు రెండోసారి నోరు తెరిచే ముందు ఆలోచిస్తాడు. ‘ఏంటి’ అనబోతే కృత్రిమంగా ఉంటుంది, ‘ఏటి’ అంటే దొరికిపోతాడు. ‘హాయ్ బ్రో’లో మాత్రం ఊరు పేరు లేదు. పలాసా, భీమవరమా, విజయవాడా ఎవరూ చెప్పలేరు. వాడికది చాటు. స్టైలు కొట్టడానికని చదివేవాళ్ళు అనుకుంటారు, వాడు దాక్కోడానికి అంటున్నాడు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నీ మొదటి నాలుగు పేజీలూ నిలబడతాయి.

అప్పుడు వరస ఇలా వస్తుంది. రూమ్మేటుతో మొదట వట్టి ‘హాయ్’. వారం తిరిగాక ‘హాయ్ బ్రో’. ఒక రాత్రి మెస్ మూసేస్తే, జీడిపప్పు పొట్లం విప్పి ఇద్దరూ తిన్నారని రాశావు కదా, ఆ మర్నాడు పొద్దున్న వాడి నోట్లోంచి ‘ఏటి బ్రో, లేచినావా?’ అని రావాలి. చాటు సగం తీశాడు. బ్రో ఇంకా ఉంది, కానీ పక్కన ఊరొచ్చి కూర్చుంది. రూమ్మేటు నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడో ‘ఏట్రా’. వాళ్ళ స్నేహం ఎంత చిక్కబడిందో చెప్పడానికి నువ్వు పేజీన్నర వర్ణించావు. ఆ పేజీన్నర కొట్టెయ్, ఈ వరస ఉంచు.

కాంప్లెక్స్‌లో దిగిన చిన్ననాటి స్నేహితుడితో మాత్రం ‘హాయ్’ అన్న మాటే రాకూడదు. వాడి దగ్గర దాచేదేముంది? దూరం నుంచే ‘ఒరేయ్’ అని కేక పడాలి. పక్కన కాలేజీ స్నేహితులుంటే అప్పుడు వేరు. వాళ్ళ ముందు ‘హాయ్ రా’ అని మెల్లగా అంటాడు. చిన్ననాటివాడు ఆ ‘హాయ్’ విని ఒక్క క్షణం ఆగుతాడు. ‘రా’ ఉంది కాబట్టి మనవాడే, ‘హాయ్’ ఉంది కాబట్టి ఎవరో చూస్తున్నారు. ఆ రెండూ వాడికి అర్థమైపోతాయి. నువ్వు వ్యాఖ్యానం రాయొద్దు.

అమ్మాయి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. క్లాసులో అబ్బాయి అమ్మాయిని ‘ఏమే’ అన్నాడంటే అన్నయ్యో మొగుడో అయినట్టు వినపడుతుంది, ఆమె ఊరుకోదు. అమ్మాయిలు తమలో తాము ‘ఏంటే’ అనుకుంటారు, అది వాళ్ళ చనువు. అందుకే ఇప్పటి పిల్లలు ఆడా మగా కలిసిన స్నేహాల్లో ‘హాయ్ రా’ అని ఇద్దరికీ ఒకటే వాడుతున్నారు. మగవాళ్ళని పిలిచే ‘రా’ అమ్మాయికి తగిలేసరికి అధికారం పోయి చనువు మిగులుతుంది. నీ కథలో అమ్మాయి మొదట ‘హాయ్ అండీ’ అనాలి. పదో పేజీలో ‘హాయ్ రా’ అనాలి. ప్రేమ అన్న మాట నువ్వు వాడకపోయినా పరవాలేదు. క్యాంటీన్ పెద్దాయనకి ‘నమస్తే అంకుల్’ చాలు.

నేను ఇంత మొండిగా చెప్పడానికి కారణం ఉంది. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో గాజువాక నుంచి బస్సులో వస్తూ పక్క సీట్ల పలకరింపులు టిక్కెట్ల వెనక రాసుకునేవాణ్ణి. స్టీల్ ప్లాంట్ కుర్రాళ్ళ మాటల్లో తెలుగు, హిందీ, ఒడియా, ఇంగ్లీషు అన్నీ కలిసి దొర్లేవి. నేవీ క్వార్టర్సులో పెరిగిన ఉత్తరాది అబ్బాయి తెలుగులో అన్నిటికంటే ముందు ‘రా’ నేర్చుకుని, ఆ ఆనందంలో స్నేహితుడి వాళ్ళమ్మతో ‘బై రా ఆంటీ’ అనడం నా చెవులతో విన్నాను. ఆవిడ ముఖం చూస్తే తెలిసింది, ఆ ఒక్క అక్షరం ఎంత బరువో. అలా ఏరుకున్న మాటలతో ఒక కథ రాసి పత్రికకి పంపాను. అచ్చయింది. చూస్తే నా ‘హాయ్ రా’ స్థానంలో ‘నమస్తే మిత్రమా’ ఉంది! ‘ఏట్రా’ని ‘ఏమిటిరా’ చేశారు. కథలో స్నేహితులిద్దరూ పరిచయం లేని ఉద్యోగస్థుల్లా తయారయ్యారు. సంపాదకుణ్ణి అడిగితే ‘పాఠకులకు స్వచ్ఛమైన భాష కావాలి’ అన్నాడాయన. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లావాడితో ఆ మాట అన్నాడు! ఇప్పటికీ నాకు ఆ బాధ పోలేదు.

ఇప్పటి సంపాదకులది ఇంకో తెగులు. యూత్ కథ అంటే ప్రతి వాక్యంలో బ్రో ఉండాలంటారు. స్వచ్ఛత పేరుతో వాళ్ళు తోక కత్తిరిస్తే, ఫ్యాషన్ పేరుతో వీళ్ళు అందరికీ ఒకే తోక అతికిస్తున్నారు. ఇద్దరూ వినరు. మన వైపు కన్యాశుల్కం చూడు, 1892లో విజయనగరంలో ఆడిన నాటకం. గిరీశం వెంకటేశాన్ని ‘మై డియర్ షేక్‌స్పియర్’ అంటాడు. అక్కడ ఇంగ్లీషు గురువు నోటి నుంచి శిష్యుడి మీదకి దిగుతుంది, పిల్లాణ్ణి బులిపించడానికి. వెంకటేశం తిరిగి అలా అనలేడు. ఇవాళ ‘హాయ్ రా’కి ‘హాయ్ రా’ అనే జవాబొస్తుంది, ఈడువాళ్ళ మాట కనుక. ఒకడు ‘హాయ్ రా’ అన్నప్పుడు అవతలివాడు ‘హాయ్ అండీ’ అన్నాడంటే అక్కడ ఏదో జరిగింది, కథకుడు చెవి నిక్కించాలి.

సరిగ్గా అలాంటిదే నీ చివరి సన్నివేశంలో జరిగింది. ఉత్తరం రాయాలనిపించేంతగా నన్ను కదిలించింది కూడా అదే. రూమ్మేటు డబ్బులు అడుగుతాడు, వీడు లేవంటాడు. రాత్రి రూమ్మేటు ఫోనులో పంపిన జవాబు ‘ఓకే బ్రో’. అంతకుముందు వాళ్ళ మెసేజ్‌లన్నీ ‘ఓకే రా’లే. నీకు తెలిసి రాశావో, చెయ్యి తిరిగి పడిందో గానీ ఆ ‘బ్రో’ చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టాను. ‘రా’ తీసేసి ‘బ్రో’ పెట్టడంతో వాడు వీణ్ణి మొదటి రోజులకి తోసేశాడు. కానీ ముందు పేజీల్లో అందరూ అందరితో బ్రో అనేస్తే ఈ దెబ్బ ఎవరికి తగులుతుంది? పైగా దాని కింద ‘ఆ మాటలో ఏదో దూరం వినిపించింది’ అని రాశావు. ఆ వాక్యం తీసెయ్.

తిరగరాసిన నాలుగు పేజీలు మాత్రం పంపు, కథంతా వద్దు. పంపే ముందు హాస్టల్లో ఎవరి చేతనైనా పైకి చదివించు. ‘ఏటి బ్రో’ దగ్గర చదివేవాడి గొంతు తడబడితే ఆ చోట గీత గీసి పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య