చిగుళ్ల జబ్బుతో కరిగిన ఎముక మళ్లీ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 46. ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. బ్రష్ చేస్తే రక్తం వస్తోంది, కింది ముందుపళ్లు కాస్త కదులుతున్నాయి. డెంటల్ డాక్టర్ చూసి పెరియోడాంటైటిస్ అన్నారు. ముందుపళ్ల దగ్గర పాకెట్ 4 మి.మీ., చిగురు 2 మి.మీ. జారిందని రాశారు. కుడివైపు కింది దవడ పన్నుకు పాకెట్ 7 మి.మీ., ఎముకలో నిలువు గుంట పడిందట. మా అమ్మాయికి 19 ఏళ్లు. నాకంటే తనకే ఎక్కువ రక్తం వస్తుంది. అయినా తనది జింజివైటిస్ మాత్రమే, పూర్తిగా తగ్గిపోతుందన్నారు. ఏమిటీ తేడా? నా ఎముక మళ్లీ వస్తుందా? క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రక్తం ఎంత కారుతోందన్నది చూసి ఈ రెండు జబ్బులను వేరు చేయలేం. చిగురు, ఎముక పంటిని పట్టుకున్న పట్టు సడలిందా లేదా అన్నదే వాటి మధ్య గీత. మీ అమ్మాయికి ఆ పట్టు చెక్కుచెదరలేదు. మీకు కొంత పోయింది.

ఆ పట్టు ఎక్కడుంటుందో ముందు చెబుతాను. చిగురు అంచుకూ పంటికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అది లోతైతే పాకెట్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవారిలో దాని లోతు 1 నుంచి 3 మి.మీ. ఆ సందు అడుగున పలుచటి పొర పంటికి అతుక్కుని సీలు వేసినట్టు ఉంటుంది. దాని కింద నారల్లాంటి పోగులు పంటి వేరును పట్టుకుంటాయి. ఇంకా కింద ఎముక. పంటి పైనున్న ఎనామెల్ ముగిసే గీతకు సుమారు 2 మి.మీ. దిగువన ఎముక అంచు మొదలవుతుంది.

చిగురు అంచున పాచి నిలవుంటే చిగురులోకి రక్తప్రవాహం పెరుగుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, ముట్టుకుంటే చాలు రక్తం వస్తుంది. జింజివైటిస్ అంటే ఇంతవరకే. చిగురు ఉబ్బి పైకి లేవడంతో సందు 4 మి.మీ. చూపించవచ్చు కానీ అది ఉత్తుత్తి పాకెట్. అడుగున సీలు తన చోటే ఉంది, పోగులు వేరును వదల్లేదు, ఎక్స్-రేలో ఎముక అంచు ఉండాల్సిన చోటే ఉంటుంది.

ఇది పూర్తిగా వెనక్కి వస్తుందని 1965లోనే చూపించారు. డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమంది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ జింజివైటిస్ వచ్చింది. మళ్లీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారం రోజుల్లో అందరి చిగుళ్లూ మామూలయ్యాయి. మీ అమ్మాయి విషయంలో జరగాల్సిందీ ఇదే. గార ఉంటే డాక్టర్ స్కేలింగ్‌తో తీస్తారు, ఎందుకంటే గట్టిపడిన పాచి బ్రష్‌కు రాదు. తర్వాత రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో చిగురు అంచు మీదుగా తోమాలి, పళ్ల సందులు రోజూ శుభ్రం చేయాలి. రక్తం వస్తోందని ఆ చోటు తోమకుండా వదిలేస్తే పాచి అక్కడే పెరుగుతుంది. శ్రద్ధగా చేసినా రెండు వారాల తర్వాత కూడా రక్తం ఆగకపోతే మళ్లీ డాక్టర్‌ను కలవాలి. చిగురు లోపల గార మిగిలిందా, వేరే కారణం ఏమైనా ఉందా అన్నది అప్పుడు చూస్తారు.

ఒక్క విషయం మాత్రం అడగండి. చిన్న వయసులోనే మొదటి దవడ పళ్లు, ముందుపళ్ల దగ్గర ఎముక వేగంగా కరిగే రకం ఒకటుంది, అది కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుంది. తల్లికి జబ్బు ఉంది కాబట్టి అమ్మాయికి కూడా ప్రతి పన్ను చుట్టూ ప్రోబ్ అనే సన్నటి కొలత పుల్లతో ఒకసారి కొలిపించండి. కళ్లతో చూసి చెప్పింది చాలదు.

జింజివైటిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఎముక కరగదు. శ్రీలంకలో పళ్లు శుభ్రం చేసుకునే అలవాటే లేని 480 మంది తేయాకు తోటల కార్మికులను 1970 నుంచి 15 ఏళ్లపాటు గమనించారు. వారిలో సుమారు 8 శాతానికి ఎముక చాలా వేగంగా కరిగింది, ఎక్కువమందికి ఓ మోస్తరుగా కరిగింది, 11 శాతం మందికి మాత్రం జబ్బు జింజివైటిస్ దగ్గరే ఆగిపోయింది. పాచి అందరికీ ఉంది, దానికి శరీరం స్పందించిన తీరు వేరు. ఈ స్పందనను చెడగొట్టే వాటిలో ముందున్నవి షుగర్, పొగాకు. అందుకే మీ హెచ్‌బీఏ1సీ గురించి కింద విడిగా చెబుతాను.

ఎముకను కరిగించేది మన శరీరమే. చిగురు లోతుల్లో సూక్ష్మజీవులు నెలల తరబడి తిష్ఠ వేస్తే రక్షణ కణాలు అక్కడికి చేరి కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో పోగులు తెగుతాయి, ఎముకను తొలిచే కణాలు మేల్కొంటాయి. వాపుకు దూరంగా జరుగుతున్నట్టు ఎముక అంచు కిందికి తగ్గిపోతుంది. దానితోపాటే సీలు కూడా వేరు వెంట కిందికి దిగుతుంది. ఇలా ఏర్పడిన సందే అసలైన పాకెట్. అక్కడికి బ్రష్ చేరదు. నొప్పి సాధారణంగా ఉండదు కాబట్టి ఏళ్లు గడిచినా తెలియదు. మీ ఇంట్లో బీడీ, సిగరెట్ తాగేవారుంటే వారిని కూడా చూపించండి. పొగ వల్ల చిగుళ్లలో రక్తస్రావం తగ్గుతుంది, కాబట్టి లోపల ఎముక కరుగుతున్నా రక్తమే కనపడకపోవచ్చు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ముందుపళ్ల దగ్గర పాకెట్ 4 మి.మీ. అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ చిగురు 2 మి.మీ. జారింది కదా, ఆ రెండూ కలపాలి. ఎనామెల్ గీత నుంచి 6 మి.మీ. మేర పట్టు పోయింది. ఈ పళ్ల వేర్ల పొడవు సగటున 12, 13 మి.మీ. మాత్రమే. అంటే దాదాపు సగం. కదలడానికి కారణం అదే. దవడ పన్ను దగ్గర చిగురు అంచు ఎనామెల్ గీత దగ్గరే ఉంటే పోయింది 7 మి.మీ. ఇప్పుడు వాడుకలో ఉన్న వర్గీకరణలో పట్టు 5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పోతే మూడో దశ, లేదా నాలుగో దశ. జబ్బు వల్ల ఎక్కువ పళ్లు ఊడకపోతే, నమలడం దెబ్బతినకపోతే మూడో దశగానే లెక్క.

మరి ఏది తిరిగి వస్తుంది? వాపు, రక్తం, చీము, కొంతవరకు దుర్వాసన తగ్గుతాయి. పళ్ల కదలికలో వాపు వల్ల వచ్చిన భాగం కూడా తగ్గుతుంది. ఎముక విషయానికొస్తే, అది ఎలా కరిగిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పందిరి గుంజను తలచుకోండి. చుట్టూ మట్టి అంతా సమంగా కొట్టుకుపోతే, మళ్లీ పోసిన మట్టి నిలవదు, జారిపోతుంది. అదే గుంజ పక్కన ఒకే చోట గుంట పడితే, చుట్టూ గోడలున్నాయి కాబట్టి అందులో పోసిన మట్టి ఆగుతుంది. ముందుపళ్ల దగ్గర సాధారణంగా ఎముక మొదటి రకంగా, అడ్డంగా, సమంగా తగ్గుతుంది. మీకూ అలాగే తగ్గి ఉంటే ఆ ఎత్తు మళ్లీ రాదు. మాత్రలు, మౌత్‌వాష్, కాల్షియం, నూనె పుక్కిలింత, ఏవీ దాన్ని పెంచలేవు. దవడ పన్ను దగ్గర నిలువు గుంట అన్నారు, అక్కడ మాత్రం ఆశ ఉంది.

చికిత్స మొదట రెండు చోట్లా ఒకటే. మత్తు ఇచ్చి చిగురు కింద వేరు మీదున్న గార, పాచి తీసేస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు సిట్టింగ్‌లు పడుతుంది. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలుస్తారు. 7 మి.మీ. పాకెట్ సగటున 2 మి.మీ. వరకు తగ్గుతుంది. పాకెట్ తగ్గగానే ఎముక పెరిగిందని చాలామంది సంబరపడతారు. జరిగింది వేరు. సగం తగ్గుదల వాపు దిగి చిగురు కుంచించుకోవడం వల్ల, మిగతాది పలుచటి పొర వేరుకు మళ్లీ అతుక్కోవడం వల్ల. ఆ పొర పోగుల కంటే, ఎముక కంటే వేగంగా పాకుతుంది, కాబట్టి పాత పట్టు కట్టుకోకముందే తనే వేరును కప్పేస్తుంది. అయినా అది మంచి ఫలితమే. రక్తం రాని 4 మి.మీ. పాకెట్‌తో పన్ను ఏళ్ల తరబడి నిలుస్తుంది.

దవడ పన్ను దగ్గర అప్పటికీ 6 మి.మీ. లేదా అంతకు మించి మిగిలి, గుంట లోతు 3 మి.మీ. లేదా ఎక్కువ ఉండి, రెండు మూడు వైపులా ఎముక గోడలుంటే చిన్న ఆపరేషన్ చేసి ఎముక గ్రాఫ్ట్, అంటే గుంటను నింపే ఎముకలాంటి పదార్థం పెడతారు. కొన్నిసార్లు ఆ పొర లోపలికి పాకకుండా పైన మెంబ్రేన్ అనే పలుచటి తెర కప్పుతారు, లేదా ఎనామెల్ ప్రొటీన్ జెల్ వాడతారు. గుంట కొంతవరకు పూడుతుంది, పూర్తిగా పూడుతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. దవడ పన్ను రెండు వేర్ల మధ్య చీలిక బయటపడిందో లేదో కూడా అడగండి. ఆ చోటు ఒక చివర నుంచి మరో చివరకు తెరుచుకుని ఉంటే ఎముక తిరిగి తెప్పించడం దాదాపు సాధ్యం కాదు.

క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయన్న మాట ఎందుకు పుట్టిందో చెబుతాను. ఎముక పోయిన చోట గార దిమ్మలా పేరుకుని, పళ్లను ఒకదానికొకటి అంటించి పట్టుకుని ఉంటుంది. అది తీయగానే అసలు కదలిక బయటపడుతుంది. వాపు దిగి చిగురు కిందికి తగ్గితే పళ్ల మధ్య నల్లటి సందులు కనిపిస్తాయి, కొన్ని వారాలు చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది. మీకూ ఇవన్నీ రావచ్చు. అప్పుడు భయపడి మధ్యలో మానేయొద్దు. ఆ సందుల్లోకి సరిపోయే ఇంటర్‌డెంటల్ బ్రష్ సైజు అడిగి తీసుకోండి, మీకు దారం కంటే అదే బాగా పనిచేస్తుంది. ముందుపళ్లు నమిలేటప్పుడు ఇబ్బంది పెడితే లోపలివైపు సన్నటి తీగతో కలిపి కట్టే పద్ధతి ఉంది. మౌత్‌వాష్‌లలో క్లోర్‌హెక్సిడిన్ రాసిస్తే చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువకాలం వాడితే పళ్లపై గోధుమ రంగు మరకలు పడతాయి.

మీ హెచ్‌బీఏ1సీ 7 దాటి ఉండడంతో జబ్బు వేగంగా ముదిరే కోవలోకి వస్తారు, గాయాలు కూడా ఆలస్యంగా మానతాయి. లోతు క్లీనింగ్‌కు ఇది అడ్డం కాదు, దాన్ని వాయిదా వేయొద్దు. గ్రాఫ్ట్ ఆపరేషన్ మాత్రం షుగర్ అదుపులోకి వచ్చాకే. చిగుళ్ల వాపు తగ్గితే హెచ్‌బీఏ1సీ కూడా కాస్త దిగుతుంది. ఆ తగ్గుదల చిన్నదే కాబట్టి షుగర్ మందులు మీ ఫిజీషియన్ చెప్పకుండా మార్చకండి. సిట్టింగ్ రోజున టిఫిన్ తిని, మందులు వేసుకుని వెళ్లండి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మధ్యలో చిగురు ఒక్కసారిగా వాచి, చీము పట్టి, జ్వరం వస్తే తేదీ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.

చికిత్స అయ్యాక మొదట్లో ప్రతి 3 నెలలకు చూపించుకోవాలి. పాకెట్లలో సూక్ష్మజీవులు నెలల్లోనే మళ్లీ చేరతాయి. ఇప్పుడు మీకు రాసిచ్చిన అంకెల చార్టు, ఎక్స్-రే పారేయకండి. ప్రతిసారీ కొత్త చార్టును దాని పక్కన పెట్టించి చూడండి. ఏ పన్ను దగ్గరైనా పాకెట్, చిగురు జారుడు కలిపిన మొత్తం మునుపటి కంటే 2 మి.మీ. పెరిగితే, అక్కడ జబ్బు మళ్లీ కదిలిందని అర్థం. ఆ ఒక్క పన్నుకైనా చికిత్స మళ్లీ మొదలుపెట్టమని అడగండి.